ఆరేళ్లలో ఏడు వరుసలు: చిన్న కాంట్రాక్టుల అనుభవాన్ని రెజ్యూమెలో ఎలా అమర్చాలి

మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఒకే వరుసలో కూర్చుని ఒకే పని చేస్తున్న వాళ్లను గమనిస్తే, కొందరి మెడలో ఐడీ కార్డు పట్టీ రంగు వేరుగా కనిపిస్తుంది. వాళ్లు ఆ సంస్థ ఉద్యోగులు కారు. జీతం వేసేది వేరే కంపెనీ, పీఎఫ్ కట్టేదీ, రేపు రిలీవింగ్ లెటర్ ఇచ్చేదీ ఆ కంపెనీయే. రోజూ పని అప్పగించేది మాత్రం ఈ ఆఫీసులోని మేనేజరు. వాడుకలో దీన్ని థర్డ్ పార్టీ పేరోల్ అంటారు. ఆరు నెలలకో ఏడాదికో ఒప్పందం ఉంటుంది. అవసరం ఉంటే పొడిగిస్తారు, లేకపోతే ఆ తేదీతో సరి. ఇలా అయిదారేళ్లు గడిచేసరికి ఆ మనిషి రెజ్యూమెలో అనుభవం విభాగం రైల్వే టైంటేబుల్‌లా తయారవుతుంది.

చదివే రిక్రూటర్‌కు అందులో నిలకడ లేని మనిషి కనిపిస్తాడు. నిజానికి ఆ మనిషి ఒక్క ఒప్పందాన్ని కూడా మధ్యలో వదిలి ఉండకపోవచ్చు. ఇంత తేడా రావడానికి కారణం చాలాసార్లు ఉద్యోగాల సంఖ్య కాదు. జీతం ఇచ్చిన సంస్థను, పని జరిగిన సంస్థను విడదీయకుండా రెండింటినీ ఒకే గడిలో కుక్కడం వల్లే గందరగోళం మొదలవుతుంది. కొన్నిచోట్ల పేరోల్ కంపెనీ పేరు, కొన్నిచోట్ల క్లయింట్ పేరు, ఒకచోట రెండూ గీత పెట్టి రాస్తారు. చదివేవారికి ఎవరు ఎవరో తెలియదు. తెలియనప్పుడు ప్రతి వరుసనూ ఒక రాజీనామాగా లెక్కపెడతారు.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ టెస్టరు 2019 జూలైలో పని మొదలుపెట్టింది. 2025 ఆగస్టు వరకు ఆమె చేసిన పనులు ఇవి:

2019 జూలై – 2021 మార్చి: ఒక చిన్న కంపెనీలో పర్మనెంటు ఉద్యోగం
2021 ఏప్రిల్ – 2021 డిసెంబరు: ‘అ’ పేరోల్, క్లయింటు ఒక బ్యాంకు
2022 జనవరి – 2022 జూన్: ‘అ’ పేరోల్, క్లయింటు ఒక బీమా సంస్థ
2022 సెప్టెంబరు – 2023 జూలై: ‘ఆ’ పేరోల్, క్లయింటు మరో బ్యాంకు
2023 ఆగస్టు – 2023 అక్టోబరు: పర్మనెంటు ఉద్యోగం, మూడు నెలలకే రాజీనామా
2023 నవంబరు – 2024 నవంబరు: ‘ఆ’ పేరోల్, క్లయింటు మళ్లీ ఆ రెండో బ్యాంకే
2025 ఫిబ్రవరి – 2025 ఆగస్టు: ‘ఇ’ పేరోల్, క్లయింటు ఒక రుణాల యాప్ సంస్థ

ఇదే క్రమంలో రెజ్యూమెలో పెడితే ఆరేళ్లలో ఏడు ఉద్యోగాలు అవుతాయి. సగటు పది నెలలు. చాలా కంపెనీల్లో ఇది మొదటి వడపోతలోనే ఆగిపోతుంది. ఇప్పుడు ఇవే తేదీలను మరో వైపు నుంచి చూద్దాం. ఆమెకు జీతం ఇచ్చిన సంస్థలు అయిదే. ‘అ’ దగ్గర వరుసగా పదిహేను నెలలు ఉంది, మధ్యలో క్లయింటు మాత్రమే మారింది. ‘ఆ’ దగ్గర రెండు విడతలుగా ఇరవై నాలుగు నెలలు పనిచేసింది. రెండో విడతకు అదే బ్యాంకు ఆమెను తిరిగి అడిగింది. ఏడింటిలో అయిదు కాంట్రాక్టులు, అవి గడువు తీరి ముగిశాయి. తనంతట తాను తొందరగా వదిలేసింది ఒక్కటే, ఆ మూడు నెలల ఉద్యోగం. రెజ్యూమె చెప్పాల్సింది ఈ రెండో కథ. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మొదటి కథలోనూ లేదు, కాకపోతే అది చదివేవారి ఊహకు ఎక్కువ చోటు వదులుతుంది.

యజమాని ఎవరు?

ముందుగా తేల్చుకోవాల్సింది శీర్షికలో ఎవరి పేరు రాయాలన్నది. ఇక్కడ ప్రలోభం పెద్దది. పేరోల్ కంపెనీ పేరు ఎవరికీ తెలియదు, క్లయింటు పేరు చూస్తే వీధి చివర కిరాణా దుకాణదారు కూడా గుర్తుపడతాడు. అందుకే చాలామంది పెద్ద బ్యాంకు పేరును తమ యజమానిగా రాసుకుంటారు. ఇంటర్వ్యూ వరకు అది పనికొస్తుంది. ఆఫర్ వచ్చాక, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర చిక్కుకుంటుంది.

ఆ తనిఖీ చేసే ఏజెన్సీ బ్యాంకు హెచ్‌ఆర్ విభాగానికి పేరు, తేదీలు పంపి అడుగుతుంది. కాంట్రాక్టు మనుషుల వివరాలు హెచ్‌ఆర్ ఉద్యోగుల జాబితాలో ఉండవు. వాళ్ల ఖర్చు వెండర్ బిల్లుల కింద ఎక్కడో నమోదై ఉంటుంది. ‘ఈ పేరుతో మా ఉద్యోగి ఎవరూ లేరు’ అని జవాబు వస్తుంది. మనిషి అక్కడ రోజూ కూర్చుని పనిచేసినా, కాగితం మీద అక్కడ లేనట్టే. నివేదికలో ఆ వరుస పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. తరువాత ఎన్ని పేస్లిప్పులు చూపించినా, ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

కాబట్టి యజమానిగా పేరోల్ కంపెనీనే రాయాలి, దాని వెంటనే క్లయింటును చూపాలి. రెజ్యూమె ఇంగ్లీషులోనే ఉంటుంది గానీ అమరిక తెలియడానికి ఇక్కడ తెలుగులో:

‘ఆ’ సర్వీసెస్, హైదరాబాద్ (కాంట్రాక్టు) — 2022 సెప్టెంబరు – 2023 జూలై, 2023 నవంబరు – 2024 నవంబరు
సీనియర్ టెస్ట్ ఇంజినీర్
క్లయింటు: ఒక ప్రైవేటు బ్యాంకు, చెల్లింపుల విభాగం. రెండో విడత ఆరు నెలల ఒప్పందంగా మొదలై, పొడిగింపుతో పదమూడు నెలలు సాగింది.

కాంట్రాక్టు అన్న మాటను కంపెనీ పేరు పక్కనే, తేదీల వరుసలోనే పెట్టడం ముఖ్యం. రిక్రూటర్ కన్ను ముందు పోయేది ఆ వరుసలకే. అక్కడ కాంట్రాక్టు అని ఉంటే పదకొండు నెలలు అనేది ఒప్పందం కాలంగా అర్థమవుతుంది. అదే మాట కింద మూడో వాక్యంలో ఉంటే అప్పటికే ఒక అభిప్రాయం ఏర్పడి ఉంటుంది. కాంట్రాక్టు మనిషి అంటే చులకన అని దాన్ని దాచేవారు ఎక్కువ. ఫలితం తిరగబడుతుంది. దాచినప్పుడు తక్కువ కాలం ఉండటానికి కారణం మనిషి స్వభావం అనిపిస్తుంది.

క్లయింటు పేరు రాయవచ్చా అన్నది ఒప్పందం చూసి తేల్చుకోవాలి. గోప్యత నిబంధన ఉంటే ‘ఒక ప్రైవేటు బ్యాంకు’, ‘ఒక సాధారణ బీమా సంస్థ’ అని రంగం చెబితే చాలు. పేరు లేకపోయినా పని వివరంగా ఉంటే చదివేవారికి లోటు అనిపించదు.

కలపడంలో హద్దు

ఒకే పేరోల్ కంపెనీ కింద జరిగిన పనులను ఒకే శీర్షిక కిందికి తేవడం న్యాయమే, ఎందుకంటే నియామక పత్రం ఇచ్చింది ఆ కంపెనీయే. ‘అ’ దగ్గర బ్యాంకు తొమ్మిది నెలలు, బీమా సంస్థ ఆరు నెలలు. వీటిని 2021 ఏప్రిల్ నుంచి 2022 జూన్ వరకు ఒక ఉద్యోగంగా రాసి, లోపల రెండు ప్రాజెక్టులుగా విడగొట్టవచ్చు. లింక్డ్‌ఇన్‌లో కూడా ఒకే సంస్థ కింద వేర్వేరు హోదాలను ఒక గుత్తిగా చూపించే వీలుంది.

‘ఆ’ విషయంలో జాగ్రత్త కావాలి. రెండు విడతల మధ్య మూడు నెలలు ఆమె వేరే చోట పర్మనెంటు ఉద్యోగంలో ఉంది. శీర్షిక ఒకటే ఉండవచ్చు గానీ, 2022 సెప్టెంబరు నుంచి 2024 నవంబరు వరకు అని ఒకే గీతతో కలిపేయకూడదు. పైన చూపినట్టు రెండు తేదీల జతలూ కనిపించాలి. కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్ ఒక వరుసలో రెండు జతల తేదీలను సరిగా చదవలేదు. మొదటి దాన్నే తీసుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. ఉద్యోగ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసేటప్పుడు ఆ రెండు విడతలను వేర్వేరు నమోదులుగా పెట్టి, రెండోదాని కింద ‘అదే క్లయింటు తిరిగి పిలిచింది’ అని ఒక్క మాట చేర్చడం మేలు. మనిషి చేతికి నేరుగా పంపే ప్రతిలో మాత్రం గుత్తిగా ఉంచుకోవచ్చు.

‘ఇ’తో సహా అన్ని కాంట్రాక్టులనూ కలిపి ‘స్వతంత్ర కన్సల్టెంట్, 2021–2025’ అని రాసే పద్ధతి ఒకటుంది. చూడటానికి చక్కగా ఉంటుంది. తన పేరుతో ఇన్వాయిస్‌లు పంపి, ప్రొఫెషనల్ ఫీజు కింద పన్ను కోయించుకున్నవారికి అది సరైన శీర్షికే. జీతం తీసుకుని పీఎఫ్ కట్టించుకున్నవారికి మాత్రం వర్తించదు. పన్ను కోత వివరాలుండే 26ఏఎస్ పత్రంలో ఆ డబ్బు జీతంగా వచ్చిందా, ఫీజుగా వచ్చిందా అన్నది స్పష్టంగా నమోదై ఉంటుంది. ఉద్యోగిగా ఉన్న కాలాన్ని సొంత వ్యాపారంగా రాస్తే, చిన్న కాంట్రాక్టులను దాచబోయి పెద్ద అనుమానం కొనితెచ్చుకున్నట్టే.

తేదీలు ఎక్కడెక్కడ కలవాలి

పదిహేనేళ్ల కిందట రెజ్యూమెలో తేదీలు ఎవరి ఇష్టం వారిది. 2014లో పీఎఫ్ సంస్థ ప్రతి సభ్యుడికీ యూఏఎన్ నంబరు ఇవ్వడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. ఏ కంపెనీలో చేరినా అదే నంబరు. సభ్యుల పోర్టల్‌లో View కింద Service History తెరిస్తే, పీఎఫ్ కట్టిన ప్రతి సంస్థ పేరూ, చేరిన తేదీ, వైదొలగిన తేదీ వరుసగా కనిపిస్తాయి. ఇప్పుడు చాలా కంపెనీలు ఆఫర్ ఇచ్చే ముందు ఆ పేజీనే తెచ్చి చూపించమంటాయి. రెజ్యూమె రాసే ముందు ఆ పేజీని పక్కన పెట్టుకోవడమే అన్నిటికంటే మంచి మొదటి అడుగు. జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తే ఏడు ఉద్యోగాల్లో కనీసం ఒకటి రెండిటి తేదీ తప్పడం మామూలే.

ఆ పేజీలో ఉన్నదంతా సరిగ్గా ఉంటుందనీ కాదు. పేరోల్ కంపెనీలు కొన్ని మనిషి వెళ్లిపోయాక వైదొలగిన తేదీ నమోదు చేయడం మరచిపోతాయి. అప్పుడు పాత ఉద్యోగం ఇంకా నడుస్తున్నట్టు, కొత్తది దాని మీద పడినట్టు కనిపిస్తుంది. 2022లో విప్రో తన దగ్గర పనిచేస్తూనే పోటీ సంస్థలకూ పనిచేస్తున్నారంటూ 300 మందిని తొలగించినట్టు ప్రకటించింది. ఆ తరువాత నుంచి తేదీలు ఒకదాని మీద ఒకటి పడటాన్ని పరిశ్రమలో ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. చిన్న కాంట్రాక్టులు ఎక్కువున్న వారికి ఈ చిక్కు ఎదురయ్యే అవకాశమూ ఎక్కువ. ఎన్ని సార్లు వైదొలగితే అన్ని నమోదులు జరగాలి కదా.

దీనికి మార్గం ఉంది. చివరి చందా జమ అయి రెండు నెలలు గడిచాక, Manage కింద Mark Exit అనే చోట సభ్యులే తేదీ నమోదు చేసుకోవచ్చు. ఆధార్‌తో ముడిపడిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఒకసారి వేసిన తేదీని మళ్లీ మార్చడం కష్టం కాబట్టి రిలీవింగ్ లెటర్ ఎదురుగా పెట్టుకుని వేయాలి. రిలీవింగ్ లెటర్, పీఎఫ్ తేదీ రెండూ కొద్ది రోజుల తేడాతో ఉంటే రెజ్యూమెలో లెటర్‌లోని నెలనే రాయడం సబబు. ఒకటి రెండు రోజుల తేడాను తనిఖీదారులు పట్టించుకోరు, నెలలు మారితే మాత్రం వివరణ అడుగుతారు.

నెల, సంవత్సరం రెండూ రాయాలా, సంవత్సరం చాలదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ‘2021–2022’ అని మాత్రమే రాస్తే అది రెండు నెలలు కావచ్చు, ఇరవై నాలుగు నెలలు కావచ్చు. అనుభవమున్న రిక్రూటర్ రెండు నెలలనే అనుకుంటాడు, ఎక్కువ అయితే నెలలు రాసేవారని అతనికి తెలుసు. తేదీలన్నీ వెనక్కి నెట్టి, నైపుణ్యాల జాబితాను ముందుకు తెచ్చే రెజ్యూమెల మీదా ఇదే అనుమానం. ఇలాంటి అనుభవం ఉన్నవారికి ఆ నమూనాను సలహాగా ఇవ్వడం చాలాకాలంగా సాగుతోంది గానీ, చదివేవారు అందులో మొదట వెతికేది దాచిన తేదీలనే.

మొత్తం అనుభవం లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. 2019 జూలై నుంచి 2025 ఆగస్టు వరకు క్యాలెండరు ప్రకారం ఆరేళ్ల రెండు నెలలు. మధ్యలో రెండుసార్లు రెండేసి నెలలు ఖాళీ. పనిచేసింది డెబ్బై నెలలు, అంటే అయిదేళ్ల పది నెలలు. పైన ‘ఆరేళ్లకు పైగా’ అని రాసి కింద తేదీలు డెబ్బై నెలలే చూపిస్తే, చిన్నదే అయినా అది రెజ్యూమెలో తప్పుడు లెక్క. ‘దాదాపు ఆరేళ్లు’ అంటే సరిపోతుంది. ఆ రెండేసి నెలల ఖాళీల గురించి రెజ్యూమెలో ఏమీ రాయనక్కర్లేదు. ఒక కాంట్రాక్టు ముగిసి మరొకటి దొరకడానికి అంత సమయం పడుతుందని ఈ రంగంలో అందరికీ తెలుసు.

ముగింపు కారణం

చిన్న ఉద్యోగం చూసి రిక్రూటర్ ఆగిపోయేది కాలం తక్కువని కాదు, ఎందుకు ముగిసిందో తెలియక. తీసేశారా, పారిపోయాడా, జీతం కోసం దూకాడా, గడువు తీరిందా? నాలుగింటికీ బయటికి కనిపించేది ఒకటే తేదీ. కాబట్టి ప్రతి చిన్న వరుస చివర మూడు నాలుగు మాటల్లో కారణం ఉండాలి. ‘ప్రాజెక్టు పూర్తయింది’, ‘ఒప్పందం గడువు ముగిసింది’, ‘క్లయింటు ఆ విభాగాన్ని వేరే నగరానికి తరలించింది’. అంతకు మించి వద్దు. సంజాయిషీలా వాక్యాలు సాగదీస్తే చదివేవారికి కొత్త అనుమానాలు పుడతాయి.

కారణాలన్నిటిలో బలమైనది పొడిగింపు. ఆరు నెలలకు తీసుకున్న మనిషిని పదమూడు నెలలు ఉంచుకున్నారంటే, ఆ మేనేజరు తన బడ్జెట్‌లో మళ్లీ డబ్బు అడిగి తెచ్చాడన్నమాట. దానికంటే బలమైనది తిరిగి పిలవడం. మన ఉదాహరణలోని టెస్టరు దగ్గర ఈ రెండూ ఉన్నాయి. సాధారణ పద్ధతిలో రాసిన రెజ్యూమెలో రెండూ కనిపించవు, పైగా తిరిగి పిలవడం మరో ఉద్యోగ మార్పుగా లెక్కకెక్కుతుంది. ఆమెకు అనుకూలమైన సాక్ష్యమే ఆమెకు వ్యతిరేకంగా నిలబడుతుందన్నమాట.

ఇక మూడు నెలల ఉద్యోగం. దీన్ని రెజ్యూమె నుంచి తీసేయమని సలహా ఇచ్చేవారు చాలామంది. రెజ్యూమె ప్రమాణపత్రమేమీ కాదు, అన్నీ రాయాలని లేదు, అది నిజమే. కానీ ఆఫర్ తరువాత నింపే వెరిఫికేషన్ ఫారంలో పాత యజమానులందరినీ అడుగుతారు, పీఎఫ్ పేజీలో ఆ పేరు ఉండనే ఉంటుంది. రెజ్యూమెలో లేని పేరు ఫారంలో ప్రత్యక్షమైతే వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది. పైగా తీసేస్తే రెండు విడతల మధ్య మూడు నెలల ఖాళీ మిగులుతుంది. ఇక్కడ మేలైన పద్ధతి ఒక్క వరుసలో ఉంచేయడం: కంపెనీ పేరు, హోదా, 2023 ఆగస్టు – అక్టోబరు, ‘ఆటోమేషన్ పనికి తీసుకున్నారు, సపోర్ట్ పని ఇచ్చారు, పాత క్లయింటు పిలుపుతో తిరిగి వెళ్లడం’. కింద చేసిన పనుల వివరాలు అక్కర్లేదు. మూడు నెలల్లో చేసింది గొప్పగా చెప్పుకోబోతే, అంత గొప్పగా ఉంటే ఎందుకు వదిలావనే ప్రశ్న వస్తుంది. నెలా రెండు నెలల్లో, పీఎఫ్ నమోదు కూడా కాకముందే ముగిసిన ఉద్యోగమైతే రెజ్యూమెలో వదిలేయవచ్చు. ఫారంలో అడిగితే మాత్రం రాయాలి.

ఒకే పనిని ఏడుసార్లు చెప్పకుండా

తేదీలు సర్దుకున్నాక కూడా చాలా రెజ్యూమెలు అతుకుల బొంతలా ఉండటానికి కారణం కింద రాసే పని వివరాలు. ‘టెస్ట్ కేసులు రాయడం, అమలు చేయడం, లోపాలు నమోదు చేయడం’ అని ప్రతి ఉద్యోగం కింద అతికిస్తారు. ఏడుచోట్ల ఒకే మాట చదివిన వ్యక్తికి, ఈ మనిషి ఏడుసార్లు మొదటి ఏడాది చేశాడనిపిస్తుంది.

అనుభవం ముక్కలుగా ఉన్నప్పుడు ఆ ముక్కలను కలిపే దారం పనిలోనే వెతకాలి. మన టెస్టరు ఏడింటిలో నాలుగు చోట్ల డబ్బు లావాదేవీల చుట్టూనే పనిచేసింది. మొదటి బ్యాంకులో ఆమె పని ఐఎంపీఎస్ బదిలీల స్క్రీన్లు సరిగా ఉన్నాయో లేదో చేత్తో పరీక్షించడం. రెండో బ్యాంకులో యూపీఐ. అక్కడ చేతికొచ్చిన సమస్య బ్యాంకు ఖాతాదారులందరికీ తెలిసినదే. పంపినవారి ఖాతాలో డబ్బు తగ్గుతుంది, అందాల్సినవారికి అందదు. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి యూపీఐ బదిలీలో డబ్బు మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అంటే సమయం మించిన లావాదేవీ సరిగా వెనక్కి మళ్లుతోందా అన్న పరీక్ష ఆ బ్యాంకుకు నేరుగా డబ్బుతో ముడిపడిన విషయం. మొదటి విడతలో ఆమె ఆ సందర్భాలను ఒక్కొక్కటిగా కృత్రిమంగా సృష్టించి చేత్తో పరీక్షించింది. రెండో విడతలో అవే పరీక్షలను ప్రతి కొత్త విడుదలకు ముందు వాటంతట అవే నడిచేలా స్క్రిప్టులు రాసింది. రుణాల యాప్ సంస్థలో, నెలవారీ వాయిదా ఒకసారి విఫలమై మళ్లీ కోతకు వెళ్లినప్పుడు రెండుసార్లు డబ్బు తగ్గకుండా చూసే పరీక్షలు.

ఇలా రాసినప్పుడు ప్రతి కాంట్రాక్టు ముందుదాని మీద ఒక మెట్టుగా కనిపిస్తుంది. చేత్తో పరీక్షించడం, తరువాత విఫలమైన లావాదేవీల మీద పట్టు, తరువాత దాన్ని ఆటోమేషన్ చేయడం, చివరికి ఆ అవగాహనను వేరే రకం సంస్థకు తీసుకెళ్లడం. బీమా సంస్థలో ఆరు నెలలు ఈ దారంలో ఇమడవు. ఇమిడించడానికి కష్టపడనక్కర్లేదు, ‘అ’ శీర్షిక కింద రెండో ప్రాజెక్టుగా ఒక వాక్యంతో సరిపెట్టవచ్చు. మొదటి చిన్న కంపెనీ ఇరవై ఒక్క నెలలకూ రెండు వాక్యాలు చాలు. స్థలం సమానంగా పంచాల్సిన పనిలేదు, ‘ఆ’ కింద అయిదు వాక్యాలు వస్తే రానివ్వండి.

చిన్న కాంట్రాక్టు గురించి రాసేటప్పుడు ఒక కొలత పనికొస్తుంది: చేరిన రోజు అక్కడ ఏముంది, వెళ్లిపోయిన రోజు ఏం మిగిల్చారు? ఆరు నెలలకు తీసుకున్న మనిషి నుంచి ఎవరూ మొత్తం వ్యవస్థను మార్చేయాలని కోరుకోరు. ‘చేరేసరికి యూపీఐ తిరుగు చెల్లింపుల పరీక్షలకు రాతపూర్వక ప్రణాళిక లేదు, వెళ్లేనాటికి ప్రణాళిక, దాన్ని నడిపే ఇద్దరికి శిక్షణ’ అన్న వాక్యం ఒప్పందం కాలానికి సరిపోయే కొలతలో ఉంటుంది. ఆరు నెలల పనికి ఆరేళ్ల విజయాలు రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

అన్నిటికీ పైన ఉండే రెండు వాక్యాల పరిచయం చివరగా రాసుకోవాలి, కింద దారం దొరికిన తరువాత. ‘దాదాపు ఆరేళ్ల టెస్టింగ్ అనుభవం, అందులో ఎక్కువ భాగం బ్యాంకింగ్, చెల్లింపుల రంగంలో, 2021 నుంచి ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలో. విఫలమైన లావాదేవీల పరీక్షలో, ఆటోమేషన్‌లో ప్రత్యేక అనుభవం. ఒక క్లయింటు రెండుసార్లు తీసుకుంది.’ ఈ వాక్యాలు చదివి కిందికి వెళ్లినవారికి తేదీలు అయోమయంగా ఉండవు.

ఈ పద్ధతి పనిచేయని చోటు

వరుసగా నాలుగైదు పర్మనెంటు ఉద్యోగాలు ఏడాదికొకటి చొప్పున మారినవారికి పైన చెప్పిన కలపడం సాయపడదు. అక్కడ కలపడానికి ఉమ్మడి యజమాని లేడు, గడువు తీరిన ఒప్పందమూ లేదు. 2021, 2022లలో జీతాలు ఒక్కసారిగా పెరిగినప్పుడు చాలామంది ఇలా మారారు. వీరు చూపగలిగింది హోదాలోనో బాధ్యతలోనో జరిగిన ఎదుగుదలను మాత్రమే. అదీ లేకపోతే ఎంత చక్కగా అమర్చినా తేదీలు తేదీలుగానే కనిపిస్తాయి. అప్పుడు ఆ ప్రశ్నకు జవాబు ఇంటర్వ్యూలో ఇవ్వాల్సిందే.

అమెరికాలో హెచ్‌1బీ మీద కన్సల్టెన్సీల ద్వారా పనిచేసే తెలుగువారికి ఇదే సమస్య మరింత పదునుగా ఎదురవుతుంది. అక్కడ యజమాని, మధ్యలో వెండర్, చివర క్లయింటు అని మూడు అంచెలు. వీసా పిటిషన్‌లో, ఏటా వచ్చే డబ్ల్యూ2 పత్రంలో ఉండేది యజమాని పేరే. రెజ్యూమెలో క్లయింట్ల పేర్లే యజమానులుగా రాసే అలవాటు అక్కడ పాతుకుపోయింది. ఆ రెజ్యూమెనూ పిటిషన్‌నూ పక్కపక్కన పెట్టి చూసేవారికి అవి ఇద్దరు వేర్వేరు మనుషులవిగా కనిపిస్తాయి. యజమాని పేరు పైన, క్లయింటు పేరు కింద అన్న అమరిక అక్కడా అంతే అవసరం.

ముక్కలైన అనుభవంతో విసిగి, మొత్తాన్ని చెరిపేసి ఒకే కంపెనీలో అయిదేళ్లు చేసినట్టు నకిలీ పత్రాలు కొనుక్కునేవారూ ఉన్నారు. అమీర్‌పేట చుట్టుపక్కల ఆ వ్యాపారం గురించి తెలియనివారు తక్కువ. యూఏఎన్ నంబరు కింద అసలు చరిత్ర అంతా నమోదై ఉండగా నకిలీ చరిత్ర ఎక్కువ కాలం నిలవదు. అసలు చరిత్ర అంత చెడ్డదేమీ కాదని తెలియకపోవడమే ఇందులో బాధాకరమైన విషయం.

కాగితాల సంగతి ఒకటి మిగిలింది. పేరోల్ కంపెనీలు మూతపడతాయి, పేర్లు మారతాయి, వేరే సంస్థలో కలిసిపోతాయి. అయిదేళ్ల తరువాత ఆరు నెలల ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలంటే అడగడానికి అక్కడ ఎవరూ ఉండకపోవచ్చు. ప్రతి కాంట్రాక్టు చివరి వారంలోనే రిలీవింగ్ లెటర్, చివరి మూడు పేస్లిప్పులు, ఒప్పందం పొడిగించిన మెయిల్ సొంత ఖాతాలో భద్రపరచుకోవాలి. క్లయింటు పేరు, పని కాలం రాసి సర్వీసు లెటర్ ఇవ్వమని పేరోల్ హెచ్‌ఆర్‌ను అప్పుడే అడగాలి. చాలా కంపెనీలు అడిగితే ఇస్తాయి, అడగకపోతే ఎవరూ ఇవ్వరు. కంపెనీ అప్పటికే మూతపడి ఉంటే ఫారం 16, జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పేజీ కలిపి ఇవ్వవచ్చు. తనిఖీ ఏజెన్సీలు సాధారణంగా వాటిని అంగీకరిస్తాయి, అందులోని యజమాని పేరు రెజ్యూమెలో రాసిన పేరుతో కలిస్తే.